పేపర్ పెట్టిన రోజు నుంచి ఎఫ్ అండ్ ఎఫ్ దాకా: తొంభై రోజుల నోటీసు ఉన్న ఉద్యోగాన్ని సక్రమంగా వదులుకోవడం

రాజీనామా చేసిన రోజు నుంచి ఎఫ్ అండ్ ఎఫ్, అంటే కంపెనీతో చివరి లెక్కల సెటిల్‌మెంట్, పూర్తయి ఆఖరి రూపాయి ఖాతాలో పడే దాకా జరిగే లెక్కలన్నీ ఒకే ఒక్క తేదీ మీద ఆధారపడి ఉంటాయి. అది చివరి పనిదినం. ఆఫీసుల్లో అందరూ ఎల్‌డబ్ల్యూడీ అనే తేదీ. నోటీసు ఎన్ని రోజులు తగ్గింది, గ్రాట్యుటీకి ఎన్నేళ్ల సర్వీసు వస్తుంది, ఆరోగ్య బీమా ఎప్పుడు ఆగిపోతుంది, కొత్త కంపెనీలో చేరే తేదీ పాత సర్వీసుతో కలిసిపోతుందా అన్నవన్నీ దాన్ని బట్టే తేలతాయి. అందువల్ల ఈ మార్గదర్శి మొత్తం ఆ తేదీని ఎలా నిర్ణయించుకోవాలి, దాన్ని రాతపూర్వకంగా ఎలా ఖాయం చేసుకోవాలి, ఆ తర్వాత దాని చుట్టూ మిగతా పనులను ఎలా పూర్తి చేసుకోవాలి అన్న విషయం మీదే నడుస్తుంది.

ఉదాహరణకు హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీలో టెస్టింగ్ విభాగంలో పనిచేసే మాధవి అనే ఉద్యోగినిని ఊహించుకుందాం. ఆమె సర్వీసు ఆరేళ్ల ఏడు నెలలు, నెలకు స్థూల జీతం 1,00,000 రూపాయలు, అందులో మూల వేతనం 50,000 రూపాయలు, నోటీసు 90 రోజులు. కొత్త కంపెనీ మే 4న చేరమంటోంది.

మాట్లాడే ముందు చదవవలసిన కాగితాలు

మేనేజరుతో మాట్లాడటానికి కనీసం వారం ముందు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి, నోటీసుకు సంబంధించిన పేరాను అక్షరం అక్షరం చదవాలి. చేరిన రోజున సంతకం పెట్టి పక్కన పడేసిన ఆ కాగితంలో మనకు కావలసినవి మూడు సంగతులు ఉంటాయి. నోటీసు తగ్గితే కట్టవలసిన సొమ్మును మూల వేతనం మీద లెక్కిస్తారా, స్థూల జీతం మీద లెక్కిస్తారా అన్నది మొదటిది. ఇదొక్కటే లెక్కను రెట్టింపు చేయగలదు. మిగిలిన సెలవులను నోటీసులో సర్దుబాటు చేసుకోనిస్తారా అన్నది రెండవది. జాయినింగ్ బోనస్, రిటెన్షన్ బోనస్, శిక్షణ బాండ్ వంటి వాటిలో తిరిగి చెల్లించవలసినవి ఏమైనా ఉన్నాయా అన్నది మూడవది. బాండ్లు చెల్లవని ఆఫీసు క్యాంటీన్లలో ధీమాగా చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు కానీ, విజయా బ్యాంకు కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు మూడేళ్ల కనీస సర్వీసు, లేదా రెండు లక్షల రూపాయల చెల్లింపు అన్న షరతును సమర్థించింది. ప్రతి బాండూ చెల్లుతుందని దీని అర్థం కాదు. చదవకుండా కొట్టిపారేయకూడదని మాత్రం అర్థం.

బోనస్ తేదీని కూడా చూసుకోవాలి. వేరియబుల్ పే ఇచ్చే రోజుకు ఉద్యోగి నోటీసులో ఉంటే అర్హత లేదని చాలా కంపెనీల పాలసీలో ఉంటుంది. సంవత్సరమంతా పనిచేసి సంపాదించుకున్నదైనా, చెల్లింపు తేదీకి వారం ముందు పేపర్ పెట్టినందుకు పోయిన సందర్భాలు కోకొల్లలు. మన మాధవి ఫిబ్రవరి జీతంతో పాటు వేరియబుల్ ఖాతాలో పడ్డాకే, అంటే మార్చి 2వ తేదీ సోమవారం నాడు, రాజీనామా పెట్టింది.

ఇక కొత్త ఆఫర్ నోటిమాటగానో, వాట్సాప్ సందేశంగానో ఉన్నంతకాలం రాజీనామా ఆలోచన పెట్టుకోకూడదు. జీతం, హోదా, చేరే తేదీ, చేరే తేదీని పొడిగించే వీలు ఉన్న ఆఫర్ లెటర్ చేతికి వచ్చి, మనం అంగీకరించిన తర్వాతే ముందుకు కదలాలి.

మేనేజరుతో మాట్లాడటం

ముందు నోటితో మేనేజరుకు, ఆ తర్వాత అదే రోజున రాతతో మేనేజరుకూ హెచ్‌ఆర్‌కూ: ఈ వరుస తప్పకూడదు. పోర్టల్‌లో రాజీనామా నొక్కగానే మేనేజరుకు ఆటోమేటిక్ మెయిల్ వెళుతుంది. తన టీమ్‌లో మనిషి వెళ్లిపోతున్న సంగతి యంత్రం పంపిన మెయిల్ ద్వారా తెలిసిన మేనేజరును, మళ్లీ ఏ ముఖంతో ముందుగా రిలీవ్ చేయమని అడుగుతాం? ముందుగా రిలీవ్ చేసే అధికారం చాలా చోట్ల ఆయనదే.

మాట క్లుప్తంగా ఉండాలి. "సర్, మీతో ఒక పావుగంట విడిగా మాట్లాడాలి" అని అడిగి, గది తలుపు వేసుకున్నాక మొదటి వాక్యంలోనే విషయం చెప్పేయాలి: "నేను వేరే చోట అవకాశం తీసుకుంటున్నాను సర్, ఈ రోజు రాజీనామా పెడుతున్నాను." ఆలోచిస్తున్నాను, అనుకుంటున్నాను వంటి మాటలు వాడితే అది బేరానికి పిలుపులాగా వినిపిస్తుంది. కారణం అడిగితే ఒక్క కారణం చాలు. మూడు కారణాలు చెబితే ఆ మూడింటికీ ఆయన మూడు పరిష్కారాలు చూపిస్తారు. ఇక అక్కడి నుంచి రిటెన్షన్ చర్చ మొదలవుతుంది.

"ఎంత ఇస్తున్నారు, మేమూ చూస్తాం కదా" అని ఎలాగూ అంటారు. ఉండటానికి నిజంగా సిద్ధంగా ఉంటేనే ఆ అంకె చెప్పాలి. లేకపోతే, "డబ్బు గురించి మాట్లాడితే మీ సమయం వృథా చేసినట్టు అవుతుంది సర్, నేను నిర్ణయం తీసుకున్నాను" అని మర్యాదగా ముగించాలి. కౌంటర్ ఆఫర్ మీద నా అభిప్రాయం ఒక్కటే: హెచ్‌ఆర్ సంతకంతో సవరించిన జీతపు లెటర్ రానిదే అది ఆఫర్ కాదు, నోటీసు రోజులు కరిగిపోయేలా చేసే మాట మాత్రమే.

ముందుగా రిలీవ్ చేయమన్న కోరిక మాత్రం ఆ పావుగంటలో పెట్టవద్దు. వెళ్లిపోతున్నానన్న మాట చెవిన పడ్డ నిమిషంలోనే తొందరగా పంపమని అడిగితే, వచ్చే మొదటి జవాబు కాదనే. మాధవి ఆ రోజు రాజీనామా మాట ఒక్కటే చెప్పింది. వారం గడిచాక హ్యాండోవర్ ప్రణాళిక కాగితం మీద పెట్టుకుని వెళ్లి, "ఈ పనులన్నీ ఏప్రిల్ 24కల్లా అప్పగించేస్తాను, ఏప్రిల్ 30న రిలీవ్ చేయగలరా మేడమ్" అని తన పైఅధికారిణిని అడిగింది. అడిగింది అదే విషయమైనా, ఈసారి ఎదుటివారి చేతిలో ఒప్పుకోవడానికి ఒక ఆధారం ఉంది.

రాజీనామా మెయిల్

మెయిల్‌లో కృతజ్ఞతల కన్నా తేదీలు ముఖ్యం. నేను ఫలానా హోదాకు ఈ రోజు రాజీనామా చేస్తున్నాను, నా ఒప్పందం ప్రకారం నోటీసు 90 రోజులు, ఆ లెక్కన నా చివరి పనిదినం ఫలానా తేదీ, దయచేసి అంగీకరించి ఈ తేదీని ధ్రువీకరించగలరు: ఈ నాలుగు విషయాలు ఉంటే చాలు. ఫిర్యాదులు, కొత్త కంపెనీ పేరు, ఎవరి మీదనైనా వ్యాఖ్య ఇందులో ఉండకూడదు. ఈ మెయిల్ మన సర్వీసు ఫైలులో శాశ్వతంగా ఉంటుంది.

తేదీని మనమే లెక్కపెట్టి రాయాలి. మార్చి 2ను మొదటి రోజుగా తీసుకుంటే తొంభయ్యో రోజు మే 30. మరుసటి రోజు నుంచి లెక్కిస్తే మే 31. పోర్టల్ ఏ తేదీ చూపించిందో చూసి, రెండూ ఒకటి కాకపోతే ఆ రోజే అడగాలి. మేనేజరు పోర్టల్‌లో అంగీకారం నొక్కకుండా వారాల తరబడి తాత్సారం చేయడం కూడా మామూలే. నోటీసు లెక్క సాధారణంగా రాజీనామా అందించిన తేదీ నుంచే మొదలవుతుంది కాబట్టి, ఆ తేదీకి మెయిల్ రుజువు ఉంటే తాత్సారం వల్ల మన రోజులు పోవు. పోర్టల్‌తో పాటు మెయిల్ కూడా పంపమనేది ఇందుకే.

నోటీసు కాలంలో పెట్టిన సెలవు రోజులను చివరి తేదీకి కలిపి పొడిగించే పాలసీలు ఉన్నాయి. ఏప్రిల్‌లో పెళ్లికని నాలుగు రోజులు వెళ్లొచ్చాక, ఎల్‌డబ్ల్యూడీని నాలుగు రోజులు పొడిగించారని చివరి వారంలో తెలియడం కన్నా, సెలవు పెట్టేటప్పుడే హెచ్‌ఆర్‌ను అడిగి జవాబు మెయిల్‌లో తీసుకోవడం మంచిది.

మాధవి విషయంలో మే 30కి బదులు ఏప్రిల్ 30న రిలీవ్ చేయడానికి ఒప్పుకున్నారు. తగ్గిన 30 రోజుల్లో 15 రోజులను మేనేజరు మాఫీ చేశారు. మిగతా 15 రోజులకు సొమ్ము కట్టాలి. ఇది మాటగా జరిగింది. మాధవి తన సీటుకు తిరిగి వచ్చి, "మన సంభాషణ ప్రకారం నా చివరి పనిదినం ఏప్రిల్ 30, నోటీసు తగ్గుదలలో 15 రోజుల మాఫీ, 15 రోజుల రికవరీ అని అర్థం చేసుకున్నాను" అంటూ హెచ్‌ఆర్‌ను కూడా చేర్చి మెయిల్ పెట్టింది, సరేనన్న జవాబు తీసుకుంది. సెటిల్‌మెంట్ పత్రాన్ని తయారుచేసే మనిషి ఆ గదిలో ఉండడు. అతనికి కనిపించేది పోర్టల్‌లోని తేదీలే, కాబట్టి ఈ మెయిలే తర్వాత సాక్ష్యం అవుతుంది.

హ్యాండోవర్: అప్పగించవలసింది పని, ఫైళ్లు మాత్రమే కాదు

కేటీ, అంటే మనకు తెలిసిన పనిని మరొకరికి నేర్పడం, అనగానే చాలామంది ఒక గంట మీటింగ్ పెట్టి, స్క్రీన్ చూపించి, రికార్డింగ్ లింకు పంపి పని అయిపోయిందనుకుంటారు. ఆ రికార్డింగులను తర్వాత ఎవరూ తెరవరు. పనికొచ్చేది ఒక పట్టిక: పని పేరు, ఎంత తరచుగా జరుగుతుంది, ఎక్కడ ఉంది, ఇకపై ఎవరిది, అప్పగించిన తేదీ. దాన్ని రాయడానికి తేలికైన దారి, గడిచిన రెండు నెలల క్యాలెండరునూ పంపిన మెయిళ్లనూ చూసుకుంటూ పోవడం. టికెట్ల జాబితాలో కనిపించని పనులన్నీ అక్కడ బయటపడతాయి: ప్రతి నెలా మూడో తేదీన క్లయింటుకు పంపే రిపోర్టు, ఎవరూ అడగకుండానే మనం శుభ్రం చేసే టెస్ట్ డేటా, ఫోను చేస్తే మనకు మాత్రమే పలికే డేటాబేస్ టీమ్ మనిషి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనవి మన ఐడీతో నడిచే పనులు. మాధవి దగ్గర రాత్రి రెండు గంటలకు నడిచే రిగ్రెషన్ జాబ్ ఒకటి ఉంది. మూడేళ్ల కిందట తొందరలో దాన్ని తన సొంత లాగిన్‌తో షెడ్యూల్ చేసింది, అప్పటి నుంచి రోజూ పొద్దున్నే టీమ్‌కు ఫలితాల మెయిల్ వస్తోంది. ఏప్రిల్ 30 సాయంత్రం ఆమె ఐడీని నిలిపేస్తే, మే 1 తెల్లవారుజామున ఆ జాబ్ నడవదు. అది సెలవు రోజు, తర్వాత శని ఆదివారాలు. సోమవారం బిల్డ్ వెళ్లే దాకా ఎవరికీ తెలియకపోవచ్చు. అలాంటి జాబ్‌లు, లైసెన్సులు, గ్రూపు మెయిల్ అడ్మిన్ హక్కులు, క్లౌడ్ కీలు అన్నిటినీ సర్వీసు అకౌంటుకు గానీ, కొత్త బాధ్యుడి పేరుకు గానీ మార్చి, మార్చిన తర్వాత కనీసం రెండు వారాలు తాను ఉండగానే నడిచేలా చూసుకోవాలి. తేదీ దగ్గర పడ్డాక మారిస్తే, అది సరిగ్గా పనిచేసిందో లేదో తెలుసుకునే సమయం ఉండదు.

చివరి రెండు వారాలు మన చేతులు కీబోర్డు మీద ఉండకూడదు. పని చేసేది వారసుడు, పక్కన కూర్చుని చూసేది మనం. అతను ఎక్కడ ఆగి మనవైపు చూశాడో, పత్రంలో అక్కడ ఒక వాక్యం తక్కువైనట్టు లెక్క. వారసుడినే ఇవ్వకపోతే, ఇది చాలాసార్లు జరిగేదే, ప్రతి వారం మేనేజరుకు పట్టిక పంపుతూ, "ఈ పనులకు ఇంకా పేరు లేదు" అని రాస్తూ ఉండాలి. మనిషిని వెతకడం మన బాధ్యత కాదు, మనిషి లేడని గుర్తు చేయడం మాత్రం మన బాధ్యతే. ఆఖరున, "హ్యాండోవర్ పూర్తయింది" అని మేనేజరు రాసిన ఒక్క వాక్యం మెయిల్‌లో ఉండాలి. రిలీవింగ్ లెటర్‌ను ఆపడానికి వాడే అతి సాధారణమైన సాకు హ్యాండోవర్ పెండింగ్ అన్నదే.

క్లయింటుకు మనం వెళుతున్నామన్న వార్త మేనేజరు అనుమతి లేకుండా చెప్పకూడదు.

ఇక్కడే చేయకూడని పని ఒకటి ఉంది. నోటీసులో ఉన్న ఉద్యోగి ల్యాప్‌టాప్ మీద కంపెనీ నిఘా ఎక్కువ ఉంటుంది. తాను రాసుకున్న స్క్రిప్టే కదా అని కోడునో, టెంప్లేటునో సొంత జీమెయిల్‌కు పంపుకుంటే హెచ్చరిక సెక్యూరిటీ బృందానికి వెళుతుంది, అక్కడి నుంచి రిలీవింగ్ ఆగిపోతుంది. తీసుకోవలసినవి మనకు సంబంధించినవి మాత్రమే: అన్ని నెలల పే స్లిప్పులు, ఫారం 16లు, అపాయింట్‌మెంట్, ప్రమోషన్, జీతం పెంపు లెటర్లు, సెలవుల బ్యాలెన్స్ కనిపించే పేజీ, బీమా కార్డు. వీటిని పేరోల్ పోర్టల్ నుంచి మొదటి నెలలోనే దింపుకోవాలి. చివరి రోజు సాయంత్రం ఐడీ మూసేశాక ఒక్క పే స్లిప్పు కోసం హెచ్‌ఆర్ చుట్టూ తిరగడం ఎంత కష్టమో గృహరుణానికి దరఖాస్తు పెట్టినప్పుడు తెలుస్తుంది.

ఎగ్జిట్ ఇంటర్వ్యూ

సాధారణంగా ముందు ఒక ఫారం, ఆ తర్వాత హెచ్‌ఆర్‌తో అరగంట మాట ఉంటాయి. ఇది రహస్యంగా ఉంచుతామని చెబుతారు, కానీ చిన్న టీమ్‌లో మాటను బట్టి మనిషిని పోల్చుకోవడం ఎవరికైనా తెలుస్తుంది. మళ్లీ తీసుకోవచ్చా లేదా అన్న గుర్తు కూడా ఈ దశలోనే మన పేరు పక్కన పడుతుంది.

నా సలహా ఏమిటంటే, మార్చగలిగేదీ, రుజువు చూపగలిగేదీ అయిన ఒక విషయం చెప్పి ఊరుకోవాలి. "మేనేజ్‌మెంట్ బాగోలేదు" అన్న మాట ఎవరికీ ఉపయోగపడదు. "మా టీమ్‌కు రిలీజ్ తేదీ శుక్రవారం కావడంతో గత ఆరు నెలల్లో ఎక్కువ శనివారాలు పనిచేయవలసి వచ్చింది, కాంప్ ఆఫ్ ఇవ్వలేదు" అన్న మాటను హెచ్‌ఆర్ హాజరు పట్టికతో సరిచూసుకోగలదు. కొత్త కంపెనీ పేరు చెప్పమని అడిగితే, చేరిన తర్వాత తెలియజేస్తానని అనవచ్చు. పోటీ కంపెనీలో ఏడాది దాకా చేరకూడదనే షరతు చూపించి భయపెడితే కంగారు పడనవసరం లేదు. ఉద్యోగం వదిలిన తర్వాత జీవనోపాధిని అడ్డుకునే షరతులు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లవు. అయితే కంపెనీ రహస్యాలను కాపాడే షరతు అలాంటిది కాదు, అది మన వెంటే వస్తుంది.

తీవ్రమైన ఫిర్యాదుకు మాత్రం ఇది వేదిక కాదు. లైంగిక వేధింపులకు గురైనవారు ఎగ్జిట్ ఇంటర్వ్యూలో చెబితే సరిపోతుందని అనుకోకూడదు. 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, దానికి ఘటన జరిగిన నాటి నుంచి మూడు నెలల గడువు ఉంటుంది. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. తొంభై రోజుల నోటీసు అయ్యేదాకా ఆగితే ఆ మొదటి గడువు అందులోనే కరిగిపోతుంది.

మరో జాగ్రత్త. కొన్ని చోట్ల ఈ సమావేశంలోనే, "నాకు రావలసినవన్నీ అందాయి, ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు" అనే కాగితం మీద సంతకం అడుగుతారు. లెక్క చూడకుండా, సొమ్ము అందకుండా దాని మీద సంతకం పెట్టవద్దు. "సెటిల్‌మెంట్ షీట్ చూశాక పెడతాను" అంటే అందులో తప్పేమీ లేదు.

ఫైనల్ సెటిల్‌మెంట్: షీట్‌ను వరుసవారీగా చదవడం

చివరి రోజున ల్యాప్‌టాప్, చార్జర్, యాక్సెస్ కార్డు అప్పగించి, సీరియల్ నంబరు ఉన్న రసీదు తీసుకోవాలి. ఇంటి నుంచి పనిచేసేవారు కొరియర్‌లో పంపే ముందు ఫోటోలు తీసి, రసీదు దాచుకోవాలి. నో డ్యూస్ జాబితాలో ఐటీ, అడ్మిన్, ఫైనాన్స్, లైబ్రరీ అన్న ప్రతి గడి నిండితేనే ఎఫ్ అండ్ ఎఫ్ కదులుతుంది. ఎప్పుడో వాడిన ట్రావెల్ కార్డు మూయలేదన్న ఒక్క గడి వల్ల నెల రోజులు ఆగిపోయిన ఫైళ్లు ఉంటాయి.

గడువు సంగతి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసిన ఉద్యోగికి రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఈ కోడ్‌లో ఉద్యోగి అన్న నిర్వచనంలో మేనేజరు స్థాయివారు కూడా ఉన్నారు. గ్రాట్యుటీకి వేరే గడువు, 30 రోజులు; ఆలస్యమైతే వడ్డీ ఇవ్వాలి. నలభై అయిదు రోజులు పడుతుందన్న పాత పాలసీ వాక్యాన్నే చూపించే కంపెనీలు ఇంకా ఉన్నాయి కాబట్టి, ఈ తేడా తెలిసి మర్యాదగా గుర్తు చేయడం మంచిది.

ఇప్పుడు మాధవికి వచ్చిన షీట్ చూద్దాం. రావలసిన వైపు ఏప్రిల్ జీతం 1,00,000. మిగిలిన 18 రోజుల సెలవులకు మూల వేతనం మీద 30,000. గ్రాట్యుటీ 1,73,077 రూపాయలు అని ఉన్నాయి. తీసివేతల వైపు పీఎఫ్ 6,000, వృత్తి పన్ను 200, నోటీసు రికవరీ 50,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 9,000 అని ఉన్నాయి. చేతికి వచ్చేది 2,37,877 రూపాయలు.

ఇందులో మూడు తప్పులు ఉన్నాయి. మొదటిది గ్రాట్యుటీ. దాని లెక్క, చివరి మూల వేతనం, డీఏ మొత్తాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు సంవత్సరాలతో గుణించడం. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి సంవత్సరంగా తీసుకోవాలి. ఆరేళ్ల ఏడు నెలలంటే ఏడేళ్లు. షీట్ చేసినవారు ఆరేళ్లకే లెక్కకట్టారు. సరైన మొత్తం 2,01,923 రూపాయలు. రెండవది రికవరీ. మాధవి అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉన్నది మూల వేతనం మీద అని. పదిహేను రోజులకు 25,000 రూపాయలే అవుతుంది, స్థూల జీతం మీద కట్టడం వల్ల రెట్టింపు అయింది. మూడవది జీఎస్టీ. నోటీసు రికవరీ మీద జీఎస్టీ వర్తించదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3న జారీ చేసిన 178వ సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. పాత సాఫ్ట్‌వేర్ అమరికల వల్ల కొన్ని చోట్ల ఇది ఇంకా దొర్లుతూ ఉంటుంది.

మూడూ సరిచేస్తే చేతికి రావలసింది 3,00,723 రూపాయలు; తేడా 62,846. మాధవి ఫోను చేయలేదు. మూడు వరుసలు, ప్రతి వరుసకూ ఆధారం, సరైన అంకె పెట్టి, అపాయింట్‌మెంట్ లెటర్‌లోని పేరాను, రికవరీ పదిహేను రోజులేనన్న పాత మెయిల్‌ను జతచేసి ఒకే మెయిల్ పంపింది. పేరోల్‌లో పనిచేసే మనిషికి కోపతాపాలతో పని లేదు. ఏ గడిలో ఏ అంకె మార్చాలో, దానికి ఏ కాగితం ఆధారమో కావాలి. సవరించిన షీట్ వచ్చాకే అంగీకారం తెలపాలి.

పన్ను విషయంలో ఒక్క మాట. ప్రైవేటు ఉద్యోగికి గ్రాట్యుటీ మీద 20 లక్షలు, ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే సెలవుల సొమ్ము మీద 25 లక్షలు జీవితకాల గరిష్ఠ పరిమితులు. వాటికి లోబడి, నిర్ణీత లెక్క ప్రకారం మినహాయింపు ఉంటుంది. షీట్‌లో వీటిని మామూలు జీతంలో కలిపి టీడీఎస్ కోశారేమో చూసుకోవాలి. అలాగే పాత కంపెనీలో ఏప్రిల్‌లో వచ్చిన జీతం వివరాలను కొత్త కంపెనీకి తప్పక ఇవ్వాలి. నెలకు 1,40,000 ఇచ్చే కొత్త కంపెనీకి ఆ లక్ష సంగతి తెలియకపోతే, స్టాండర్డ్ డిడక్షన్, తక్కువ శ్లాబులు దాని లెక్కలోనే అయిపోతాయి. రిటర్ను వేసే రోజున ఆ లక్ష మీద సుమారు పదిహేను వేల రూపాయల పన్ను ఒక్కసారిగా కట్టవలసి వస్తుంది.

చేరిన తర్వాత చూసుకోవలసినవి

కంపెనీ ఇచ్చిన గ్రూపు ఆరోగ్య బీమా సాధారణంగా చివరి పనిదినంతో ఆగిపోతుంది. ఏప్రిల్ 30కీ మే 4కీ మధ్య మూడు రోజుల ఖాళీ చిన్నదే; కానీ అమ్మానాన్నలు ఆ పాలసీలోనే ఉంటే, వారికి జబ్బులు ఉంటే, అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీగా మార్చుకునే వీలు గురించి నోటీసు కాలంలోనే అడగాలి. పాలసీ ఆగిపోయిన తర్వాత అడిగితే ఆ వీలు ఉండకపోవచ్చు.

పీఎఫ్ సొమ్మును వెనక్కి తీసుకోవద్దు, అదే యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు, కింద కొత్త ఖాతాకు బదిలీ చేసుకోవాలి. బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కలుస్తుంది. అయిదేళ్లు నిండకుండా తీసుకునే సొమ్ము మీద పన్ను పడటానికీ, పదేళ్లు నిండితే పెన్షన్ అర్హత రావడానికీ ఆ కలిసిన సర్వీసే లెక్క. బదిలీకి పాత కంపెనీ నిష్క్రమణ తేదీ నమోదు చేసి ఉండాలి. చివరి చందా పడి రెండు నెలలు గడిచినా వారు నమోదు చేయకపోతే, సభ్యుల పోర్టల్‌లో `Manage` కింద `Mark Exit` లోకి వెళ్లి ఆధార్ ఓటీపీతో మనమే నమోదు చేసుకోవచ్చు.

నమోదైన తేదీని `View` కింద `Service History` లో ఒకసారి కళ్లారా చూడాలి. అక్కడ ఏప్రిల్ 30 అని ఉండాలి. పాత కంపెనీ పొరపాటున నోటీసు పూర్తయ్యే మే 30ని నమోదు చేస్తే, మే 4న చేరిన మాధవి దాదాపు నాలుగు వారాలు ఒకేసారి రెండు ఉద్యోగాలు చేసినట్టు రికార్డు చెబుతుంది; మూడో కంపెనీకి వెళ్లేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది బయటపడుతుంది. రిలీవింగ్ లెటర్, సెటిల్‌మెంట్ షీట్, పీఎఫ్ రికార్డు మూడింటిలోనూ ఒకే తేదీ ఉందని ఖాయమయ్యే దాకా పాత హెచ్‌ఆర్ మెయిల్ ఐడీని, మేనేజరు నంబరును దగ్గర ఉంచుకోవాలి.

రెండు మూడు మెయిళ్లకు జవాబు రాకపోతే దారులు ఉన్నాయి. పీఎఫ్ ఫిర్యాదును ఈపీఎఫ్‌ఓ వారి గ్రీవెన్స్ పోర్టల్‌లో వేయవచ్చు. జీతం, గ్రాట్యుటీ ఆపితే కార్మిక శాఖ అధికారులకు రాతపూర్వకంగా ఇవ్వాలి. దానికి జతచేయవలసినవి రాజీనామా మెయిల్, చివరి తేదీని ఖాయం చేసిన మెయిల్, హ్యాండోవర్ పూర్తయిందన్న వాక్యం, ఆస్తులు అప్పగించిన రసీదు, షీట్‌లో తప్పులు చూపిన మెయిల్. ఇవన్నీ ఆఫీసు మెయిల్‌లోనే ఉండిపోతే ఐడీ మూసిన రోజున మన చేతిలో ఏమీ మిగలదు. అందుకే హెచ్‌ఆర్‌కు రాసే ప్రతి ఉత్తరాన్ని మొదటి రోజు నుంచే సొంత ఐడీకి కాపీ పెట్టవచ్చా అని అడిగి, వారు సరేనంటే అలా పంపాలి, కాదంటే ఆ మెయిళ్లను కాగితం మీద ముద్రించుకుని ఇంటికి తెచ్చుకోవడానికి అనుమతి తీసుకోవాలి.